పాలసీ తెలుగు చేస్తే షరతు ఎక్కడ జారిపోతుంది

"హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలో ఎక్స్‌క్లూజన్లు, క్లెయిమ్ పద్ధతి తెలుగులోకి చేసే పని వచ్చింది, ఉండేది విజయవాడ. మామూలు జనానికి అర్థం కావాలట, ఒక్క షరతు కూడా పలచబడకూడదట. సులువుగా రాస్తే లీగల్ వాళ్లు కొట్టేస్తున్నారు, వాళ్లకు నచ్చేలా రాస్తే నాకే అర్థం కావట్లేదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి."

ముందు మీ డ్రాఫ్టు తెరిచి "మినహాయింపు" అనే మాట ఎన్నిసార్లు వాడారో వెతకండి. ఎక్స్‌క్లూజన్ అంటే డిక్షనరీలో మొదట కనపడేది అదే, దాన్ని తప్పని ఎవరూ అనలేరు. కానీ మన జనం ఆ మాట విన్నదెక్కడ? పన్ను మినహాయింపు, ఫీజు మినహాయింపు, వయసులో మినహాయింపు. అన్నీ మనకు కలిసొచ్చేవే. "హెర్నియా, మొలలు, కంటిశుక్లాలకు 24 నెలలు మినహాయింపు ఉంటుంది" అని రాసి, గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసే మా బంధువు ఒకాయన చేతిలో పెట్టాను ఒకసారి. చదివి, "అయితే రెండేళ్లు వీటికి డబ్బు కట్టక్కర్లేదన్నమాట, మంచిదే కదరా" అన్నాడు. షరతు పలచబడటం కాదు, బోర్లా పడింది. అందులో ఒక్క పదం కూడా ఇంగ్లీషుకు దూరంగా లేదు, లీగల్ వాళ్లు చూస్తే సంతకం పెట్టేసేవాళ్లు.

అందుకే నేను శీర్షికలోనే "కంపెనీ చెల్లించని ఖర్చులు" అని పెడతాను, దాని పక్కనే ఎక్స్‌క్లూజన్లు అని తెలుగు లిపిలో ఉంచుతాను, ఎందుకంటే ఏజెంటు, హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్కు, కాల్ సెంటర్ అందరూ ఆ మాటే వాడతారు. వాక్యాల్లో "మినహాయించబడతాయి" అన్నదల్లా "కంపెనీ చెల్లించదు" అయిపోతుంది. "బడు" పోయి, ఎవరు చెల్లించరో ఆ కర్త బయటికొస్తాడు. దీనికి లీగల్ వాళ్లు అడ్డు చెప్పరు, కావాలంటే చూడండి, వాళ్లకు కావలసింది ఖచ్చితత్వం, పాండిత్యం కాదు.

షరతు ఎప్పుడూ పెద్ద మాటల దగ్గర జారిపోదు. హైపర్‌టెన్షన్‌ని అధిక రక్తపోటు అన్నారా బీపీ అన్నారా అన్నది నేను పెద్దగా పట్టించుకోను. జారిపోయేది చిన్న మాటల దగ్గర. మొదటి, వరకు, లోపు, ముందు, లేదా, కనీసం, తప్ప, ఒక్కో. వాక్యం కీళ్లు ఇవి. ఇంగ్లీషు క్లాజు దగ్గర పెట్టుకుని ముందు ఈ కీళ్లకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టండి, తెలుగు వాక్యం పూర్తయ్యాక ఒక్కో సున్నాకూ తెలుగులో జవాబు ఉందా అని లెక్కపెట్టుకోండి. పని అంతా ఇక్కడే ఉంది కాబట్టి ఒకే క్లాజు పట్టుకుని చివరిదాకా వెళదాం.

బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో హెల్త్ పాలసీల ఎక్స్‌క్లూజన్లకు ఒకే రకం మాటలు ఖాయం చేసి కోడ్ నంబర్లు ఇచ్చింది, Excl01 నుంచి Excl18 దాకా. అందువల్ల ఏ కంపెనీ పాలసీ అయినా ఆ పద్దెనిమిదింటి మాటలు దాదాపు ఒకటే, నెలల సంఖ్య, జబ్బుల పట్టిక మారతాయి. ఒకసారి సరిగ్గా చేసుకుంటే పదేళ్లు పనికొస్తుంది. కోడ్‌ను మాత్రం తెలుగు చేయకండి, అలాగే ఉంచండి. రేపు తిరస్కరణ లెటర్‌లో ఆ కోడే వస్తుంది, పాలసీదారు తన తెలుగు కాగితంలో దాన్ని వెతికి పట్టుకోగలగాలి.

మనం చూసేది Excl02, అంటే పట్టికలో రాసిన జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, ఇంత కాలం గడిచేదాకా కంపెనీ చెల్లించదన్న గడువు. మామూలుగా మన దగ్గర దొరికే అనువాదం ఇలా ఉంటుంది: "పైన పేర్కొన్న వ్యాధుల చికిత్సకు సంబంధించిన ఖర్చులు పాలసీ ప్రారంభ తేదీ నుండి 24 నెలల వరకు మినహాయించబడతాయి. ప్రమాదం జరిగిన సందర్భంలో చెల్లించబడతాయి." చదవడానికి బాగానే ఉంది కదా. ఇందులో మూడు కీళ్లు ఊడిపోయాయి.

మొదటిది, "మొదటి" అనే మాటే. ఇంగ్లీషులో ఉన్నది మొట్టమొదటి పాలసీ మొదలైన తేదీ. ఏటా రెన్యువల్ చేసినప్పుడు వచ్చే కాగితం మీద కూడా "పాలసీ ప్రారంభ తేదీ" అని కొత్త తేదీ ఉంటుంది. "పాలసీ ప్రారంభ తేదీ నుండి" అని ఊరుకుంటే, జాగ్రత్తపరుడైన మనిషి చేతిలో ఉన్న కాగితం మీది తేదీ నుంచి లెక్కేసుకుని, నాకు ఎప్పటికీ రెండేళ్లు నిండవు కదా అనుకుంటాడు. షరతు బలహీనపడటం అంటే కంపెనీకి నష్టం రావడం ఒక్కటే కాదు. పాలసీదారు తనకు ఉన్న హక్కు లేదనుకోవడం కూడా అనువాదం చేసిన నష్టమే, పైగా దాని గురించి ఎవరూ కంప్లయింట్ చేయరు కాబట్టి మనకు తెలియను కూడా తెలియదు.

రెండోది "మధ్యలో తెగకుండా" అన్న ముక్క. 24 నెలలు క్యాలెండర్ మీద గడిస్తే చాలదు, కవరేజీ తెగకుండా 24 నెలలు నడవాలి. రెన్యువల్ తేదీ దాటి, ఆ తర్వాత ప్రీమియం కట్టడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ కూడా దాటి, మళ్లీ కట్టినవాడి లెక్క వేరు. దీనికి "నిరంతర కవరేజీ" అని రాస్తారు. తప్పు కాదు, కానీ "నిరంతర" అన్నది చదివేవాడి చెవిన పడదు, కరెంటు సరఫరా ప్రకటనలా కళ్ల ముందు నుంచి వెళ్లిపోతుంది. "మధ్యలో తెగకుండా" అంటే ఆగి చూస్తారు. మా అమ్మ చిట్టీ గురించి కూడా అలాగే అనేది, మధ్యలో తెగితే మళ్లీ మొదటికే అని.

మూడోది కొంచెం సూక్ష్మం, నేను చాలామంది సీనియర్ల కాగితాల్లో చూశాను. ఇంగ్లీషు అనేది, ప్రమాదం వల్ల వచ్చే క్లెయిములకు ఈ నిబంధన వర్తించదు అని మాత్రమే. తెలుగులో అది "ప్రమాదం జరిగితే చెల్లిస్తారు" అయిపోయింది. రెండూ ఒకటి కావు. మొదటిది ఒక తలుపుకు వేసిన తాళం తీస్తుంది, మిగతా తలుపులు అలాగే ఉంటాయి, అంటే కనీస అడ్మిషన్ గంటలు, గదికి పరిమితి, మిగతా ఎక్స్‌క్లూజన్లు అన్నీ వర్తిస్తూనే ఉంటాయి. రెండోది చెల్లిస్తామని మాట ఇచ్చేసింది. పాలసీ ఇవ్వని మాట అనువాదం ఇవ్వకూడదు. "24 నెలలు దాటాక చెల్లిస్తారు" అనేది కూడా ఇదే జాతి. "వర్తించదు" అని ఉన్నచోట వర్తించదు అనే రాయండి, వాక్యం ఉత్సాహంగా లేకపోయినా సరే.

నేను రాసేది ఇలా ఉంటుంది: "ఈ పట్టికలోని జబ్బులు, ఆపరేషన్లు, చికిత్సల ఖర్చును కంపెనీ కొంతకాలం చెల్లించదు. మా కంపెనీలో మీ మొట్టమొదటి పాలసీ మొదలైన తేదీ నుంచి, కవరేజీ మధ్యలో తెగకుండా 24 నెలలు పూర్తయ్యేదాకా చెల్లించదు. ప్రమాదం వల్ల వచ్చిన క్లెయిముకు ఈ 24 నెలల నిబంధన వర్తించదు." ఒక ఇంగ్లీషు వాక్యానికి రెండు తెలుగు వాక్యాలయ్యాయి, పరవాలేదు. కానీ వాక్యం విరిచినప్పుడు ఒక చిక్కు వస్తుంది, "ఇది వర్తించదు" అని రాస్తే ఏది అన్న ప్రశ్న పుడుతుంది. పట్టికా, పాలసీనా, గడువా? అందుకే మూడో వాక్యంలో "ఈ 24 నెలల నిబంధన" అని పేరు పెట్టి పిలిచాను. విరిచిన ప్రతి వాక్యంలో సర్వనామం తీసేసి పేరు పెట్టండి. పునరుక్తి అని ఎడిటర్ ఎర్ర గీత గీస్తాడు, గీయనివ్వండి, తర్వాత ఫోన్ చేసి చెరిపించండి.

ఇదే క్లాజు కింద ఇంకో రెండు ముక్కలుంటాయి, అందరూ తొందరగా దాటేసేవి. ఒకటి, బీమా మొత్తం పెంచుకుంటే పెంచిన మేరకు ఈ గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. రెండు, పట్టికలో ఉన్న జబ్బు ముందు నుంచే ఉన్న జబ్బు కూడా అయితే, రెండు గడువుల్లో ఏది ఎక్కువైతే అది. ఇవి తెలుగులో నిలబడ్డాయో లేదో తెలియాలంటే ఒక మనిషిని అందులో నడిపించాలి. నేను ఇలా కట్టుకుంటాను: ఒకాయన 2023 జూలై 1న లక్ష రూపాయలకు మొదటి పాలసీ తీసుకున్నాడు. 2024 జూలై 1 రెన్యువల్‌లో దాన్ని మూడు లక్షలు చేశాడు. ఎక్కడా తెగలేదు. 2025 ఆగస్టు 10న హెర్నియా ఆపరేషన్, బిల్లు 1,40,000. బిల్లులో పాలసీదారు తన వాటాగా కట్టే కో-పే, గది పరిమితులు ఈ లెక్క వరకు పక్కన పెడదాం.

మొదటి లక్షకు 24 నెలలు 2025 జూన్ 30తో పూర్తయ్యాయి, కాబట్టి ఆ లక్ష వరకు ఈ నిబంధన అడ్డు రాదు. పెంచిన రెండు లక్షలకు గడువు 2024 జూలై 1న మొదలైంది, 2026 జూన్ 30 దాకా ఉంది, కాబట్టి మిగిలిన 40,000కి అడ్డు ఉంది. ఇప్పుడు మీ తెలుగు వాక్యం చదివినవాడికి ఈ జవాబు వస్తుందా? "బీమా మొత్తం పెంచినచో గడువు తిరిగి వర్తిస్తుంది" అని రాస్తే రాదు. మొత్తం మూడు లక్షలకీ మళ్లీ మొదలైందని చదువుతాడు, లక్ష కూడా వదిలేసుకుంటాడు. "పెంచిన మేరకు" అన్న రెండు మాటలే ఇక్కడ లక్ష రూపాయలు. నేను ఇంకా విడమరిచి, "పెంచిన అదనపు మొత్తానికి మాత్రం, పెంచిన తేదీ నుంచి ఈ గడువు మళ్లీ మొదలవుతుంది" అని రాస్తాను. తేదీ ఇంగ్లీషు క్లాజులో అక్షరాలా ఉండదు కదా అంటారేమో. కొత్తగా మొదలవుతుంది అన్నప్పుడు ఎప్పటి నుంచి అన్నది తెలుగులో ఖాళీగా వదిలితే చదివేవాడు దాన్ని తనకు తోచినట్టు పూరించుకుంటాడు. ఇలాంటి చోట మాత్రం కంపెనీ వాళ్లను మెయిల్‌లో అడిగి, వాళ్ల జవాబు దాచుకుని, అప్పుడు రాయండి. సొంత తెలివితో పూరించవద్దు.

అదే మనిషికి హెర్నియా 2022లోనే డాక్టరు చెప్పి ఉంటే, పాలసీ తీసుకునేటప్పుడు అతను ఆ సంగతి రాసి ఉంటే, పాలసీలో ముందు నుంచి ఉన్న జబ్బులకు 36 నెలలు అని ఉంటే? పెద్ద గడువు 36 నెలలు, 2026 జూన్ 30 దాకా. ఆగస్టు ఆపరేషన్‌కు ఆ లక్షకు కూడా అడ్డు ఉంది. ఒక్క "ఏది ఎక్కువైతే అది" అన్న మాట తప్పిపోతే, కాగితం చదివి ధైర్యంగా సూర్యారావుపేటలో హాస్పిటల్‌కు వెళ్లి అడ్మిట్ అయినవాడు బిల్లు మొత్తం చేతి నుంచి కడతాడు.

ఈ "ముందు నుంచి ఉన్న జబ్బు" దగ్గర తెలుగుకే ప్రత్యేకమైన గొయ్యి ఒకటుంది. 2024 ఏప్రిల్ నుంచి నిర్వచనంలోనూ, వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠ పరిమితిలోనూ 36 నెలలే ఉన్నాయి, ఒకటి వెనక్కి చూస్తుంది, ఒకటి ముందుకు చూస్తుంది. వెనక్కి చూసేది ఏమంటుందంటే, పాలసీ మొదలైన తేదీకి ముందు గడిచిన 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినది, లేదా డాక్టరు సలహా గానీ చికిత్స గానీ సూచించినది, తీసుకున్నది. దీన్ని "పాలసీకి 36 నెలల ముందు నిర్ధారణ అయిన వ్యాధి" అని రాసినవాళ్లు ఎంతమందో. తెలుగులో "మూడేళ్ల ముందు" అంటే మూడేళ్లు వెనక్కి వెళ్లిన ఆ సమయం, లేదా అంతకంటే పాతది. మొన్న సంక్రాంతికి డాక్టరు షుగర్ ఉందన్నవాడు ఆ వాక్యం చదివి, నాది మూడేళ్ల కిందటిది కాదుగా, ఫారంలో రాయక్కర్లేదు అనుకుంటాడు. ఇది వెయిటింగ్ పీరియడ్ కంటే పెద్ద దెబ్బ, ఎందుకంటే చెప్పకుండా దాచాడని మొత్తం క్లెయిమే పోయే పరిస్థితి. "ముందటి 36 నెలల్లో" అని రాయండి, లేదా "మొదలైన తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే 36 నెలల లోపల". "ముందు" పక్కన అంకె వచ్చిన ప్రతిచోటా ఆగండి. క్లెయిమ్ పద్ధతిలో కూడా ఇదే మళ్లీ వస్తుంది.

క్లెయిమ్ పద్ధతి సంగతి. ఆరోగ్య సంజీవని అని 2020లో అన్ని కంపెనీలూ ఒకే మాటలతో తెచ్చిన పాలసీ ఉంది, దాని ఇంగ్లీషు తీసుకుని ప్రాక్టీస్ చేయండి, మాటలు సాదాగా ఉంటాయి. అందులో ముందే అనుకున్న అడ్మిషన్‌కైతే కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి. "కనీసం" ఎగిరిపోయి "48 గంటల ముందు" అయితే పరవాలేదు, అర్థం దొరుకుతుంది. కానీ పక్కనున్న ఎమర్జెన్సీ వాక్యంలో "24 గంటల్లోపు" అని ఉంటుంది కాబట్టి చేతి అలవాటుగా దీన్ని కూడా "48 గంటల్లోపు" అని కొట్టేస్తారు. అంటే అడ్మిట్ అయ్యాక రెండు రోజుల టైమున్నట్టు. ఈ తప్పు నేను ప్రూఫులో పట్టుకున్నవి లెక్కలేదు.

ఎమర్జెన్సీ వాక్యం, అడ్మిట్ అయిన 24 గంటల్లోపు లేదా డిశ్చార్జికి ముందు, ఏది ముందైతే అది. సోమవారం రాత్రి పది గంటలకు మనిషిని గుంటూరు కొత్తపేటలో ఒక హాస్పిటల్లో చేర్చారనుకోండి, శుక్రవారం డిశ్చార్జి. గడువు మంగళవారం రాత్రి పదితో అయిపోతుంది. "ఏది ముందైతే అది" లేకుండా "24 గంటల్లోపు లేదా డిశ్చార్జికి ముందు" అని ఆపేస్తే, మన తెలుగులో "లేదా" అంటే నీ ఇష్టం, రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి అనే. టీ లేదా కాఫీ. గురువారం ఫోన్ చేస్తాడు. అందుకే ఇలాంటి చోట "లేదా"తో మొదలే పెట్టను: "అడ్మిట్ అయ్యాక 24 గంటలు దాటకుండా తెలియజేయాలి. అంతకంటే ముందే డిశ్చార్జి అయ్యేట్టయితే, డిశ్చార్జికి ముందే తెలియజేయాలి." ఈ రూపంలో "ఏది ముందైతే అది" అన్న మాట లేదని లీగల్ వాళ్లు పట్టుకుంటారు. సరే, చివర దాన్ని కూడా చేర్చండి, నష్టం లేదు. శుక్లాల ఆపరేషన్ పరిమితి దగ్గర మాత్రం ఇలా విప్పలేం, బీమా మొత్తంలో 25 శాతం, 40,000 రూపాయలు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది, ఒక్కో కంటికి, ఒక పాలసీ ఏడాదిలో, అని అన్నీ వరసగా ఉండాల్సిందే. లక్ష పాలసీకి 25,000, మూడు లక్షలకు 75,000 వస్తుంది కాబట్టి 40,000 దగ్గర ఆగుతుంది.

నా చేతి మీదుగా జరిగినదొకటి చెబుతాను, ఇప్పటికీ గుర్తొస్తే ఇబ్బందిగానే ఉంటుంది. చాలా ఏళ్ల కింద ఒక కంపెనీకి క్లెయిమ్ గైడ్ తెలుగు చేశాను. క్యాష్‌లెస్ అంటే బిల్లును కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కు కట్టడం, రీయింబర్స్‌మెంట్ అంటే మనం కట్టి తర్వాత కంపెనీ నుంచి తీసుకోవడం. ఇంగ్లీషులో, క్యాష్‌లెస్ సదుపాయం నిరాకరిస్తే, డాక్టరు సలహా ప్రకారం చికిత్స చేయించుకుని, కాగితాలతో రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు అని ఉంది. నేను "క్లెయిమ్ తిరస్కరించినట్లయితే" అని మొదలుపెట్టాను, క్యాష్‌లెస్ అనే మాట ముందు వాక్యంలో వచ్చింది కదా, మళ్లీ ఎందుకని. ఆ గైడ్‌ను హాస్పిటళ్లలో పంచారు. కొన్ని నెలల తర్వాత తెనాలి దగ్గర ఊరి నుంచి ఒకావిడ మా వీధిలో ఏజెంటు దగ్గరికి వచ్చింది. భర్త అడ్మిషన్‌కు క్యాష్‌లెస్ రాలేదని డెస్క్‌లో చెప్పారు, ఆవిడ గైడ్ తీసి చూసుకుంది, "క్లెయిమ్ తిరస్కరించినట్లయితే" అన్న దగ్గర ఆగిపోయింది. "తిరస్కరించారు అని రాసుంది కదన్నా, ఇంకేముంది అనుకున్నాం" అంది ఏజెంటుతో. నగలు తాకట్టు పెట్టి బిల్లు కట్టింది. కాగితాలు తెచ్చేసరికి డిశ్చార్జి అయి రెండు నెలలు దాటింది, గడువు 30 రోజులు. ఆలస్యానికి కారణం రాసి ఏజెంటు పెట్టించాడు, చివరికి ఏం వచ్చిందో నాకు చెప్పలేదు, నేను అడిగే ధైర్యం కూడా చేయలేదు.

అప్పటి నుంచి రెండు మాటలు విడిగా పట్టుకున్నాను. ముందస్తు అనుమతి రాకపోవడానికి "క్యాష్‌లెస్ ఇవ్వలేదు", క్లెయిమ్ పోవడానికి "క్లెయిమ్ తిరస్కరించారు". ఒకదాని చోట ఇంకోటి ఎప్పుడూ రాదు. ఇలాంటి జంటలకు ఒక పట్టిక చేసుకుని పని మొదలయ్యేముందే కంపెనీ చేత ఓకే చేయించండి: జబ్బు, గాయం, ప్రమాదం వేరు వేరు. ప్రీమియం, బీమా మొత్తం, క్లెయిమ్ మొత్తం వేరు. నిర్వచనం ఉన్న మాటకు ఒకే తెలుగు మాట, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఎంత విసుగ్గా ఉన్నా. స్కూల్లో పంతులు గారు చెప్పిన "ఒకే పదం మళ్లీ మళ్లీ వాడకు" అన్నది ఈ పనిలో పనికిరాదు.

షరతు ఎక్కువగా బిగిసిపోవడం గురించి కూడా ఒక్క ముక్క. Excl10లో ఉన్నది, నేరం చేయాలన్న ఉద్దేశంతో చట్టాన్ని ఉల్లంఘించడం, లేదా ఉల్లంఘించబోవడం వల్ల నేరుగా గానీ, దాని పర్యవసానంగా గానీ వచ్చిన చికిత్స ఖర్చు. దాన్ని "చట్టాన్ని ఉల్లంఘించినప్పుడు" అని కుదించిన కాగితం చూశాను. అలా అయితే బెంజ్ సర్కిల్ దగ్గర హెల్మెట్ లేకుండా పడిపోయినవాళ్లందరూ ఈ క్లాజు కిందికి వచ్చేస్తారు. లీగల్ వాళ్లు దీనికి కిక్కురుమనరు, ఎందుకంటే వాళ్ల వైపు బిగిసింది. మీరే అనాలి.

ఇక మీరు అడిగిన అసలు తలనొప్పి, ఇద్దర్నీ ఒప్పించడం. వెనక్కి ఇంగ్లీషు చేయించి పోల్చే పద్ధతి కంపెనీలు అడుగుతాయి, చేయండి, కానీ దాన్ని నమ్ముకోవద్దు. "మినహాయింపు"ను వెనక్కి చేస్తే చక్కగా ఎక్స్‌క్లూజన్ అనే వస్తుంది, "24 గంటల్లోపు లేదా డిశ్చార్జికి ముందు" కూడా చక్కగా వెళ్లిపోతుంది. తప్పు చదివేవాడి తలలో ఉంది, కాగితం మీద లేదు. నేను చేసేది ప్రశ్నలు కట్టడం. ఒక్కో క్లాజుకు రెండు మూడు మనుషుల కథలు, ఇందాకటి హెర్నియా ఆయనలాంటివి, తేదీలతో, డబ్బుతో. లీగల్ వాళ్లకు ఇంగ్లీషు క్లాజు, ఈ కథలు పంపి, ఎంత వస్తుంది, ఎప్పటి దాకా అడ్డు, ఏ రోజు లోపు ఫోన్ చేయాలి అని జవాబులు రాసి ఇమ్మంటాను. అవే కథలు, నా తెలుగుతో, ఈ రంగంతో సంబంధం లేని ముగ్గురికి ఇస్తాను. మా బ్రాడీపేట జిరాక్స్ షాపతను, మా ఆవిడ స్కూల్లో టీచరు, యార్డు బంధువు. వాళ్లకు ఏమీ వివరించను, అడిగినా చెప్పను. జవాబులు పక్కపక్కన పెడితే ఏ క్లాజు ఊడిందో అంకెల్లో కనపడుతుంది. మొన్న జిరాక్స్ అతను హెర్నియా కథకు "ఒక్క రూపాయి రాదు గురువు గారూ" అన్నాడు, లీగల్ జవాబు లక్ష. వాక్యం చూస్తే "మాత్రం" అన్న మాట టైపింగ్‌లో పోయింది.

ఈ కాగితం లీగల్ టేబుల్ మీద పెట్టాక వాళ్లతో మాటలు మారిపోతాయి. "ఈ పదం గంభీరంగా లేదు" అనేవాళ్లు, ముగ్గురికి ముగ్గురూ సరైన తేదీ చెప్పిన వాక్యాన్ని మార్చమనడానికి తటపటాయిస్తారు. మాటకు రెండర్థాలుంటే రాసిన కంపెనీకి వ్యతిరేకంగా అర్థం చెప్పడం మన కోర్టుల్లో పాత పద్ధతి, అది వాళ్లకు మీకంటే బాగా తెలుసు. తెలుగు ప్రతికీ ఇంగ్లీషు ప్రతికీ తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది అని చివర ఒక లైను పెడతామంటారు. పెట్టుకోనివ్వండి, కానీ దాన్ని చూసి మీరు చేయి వదులు చేయకండి, ఆ తెనాలి ఆవిడ ఇంగ్లీషు ప్రతి తెరిచి చూడలేదు.

మీ డ్రాఫ్టులో క్లెయిమ్ పేజీ ఒకటి ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు, పాలసీ పేరు తీసేసి. డాక్యుమెంట్ల గడువు వాక్యం తప్పకుండా ఉంచండి, డిశ్చార్జి తర్వాత 30 రోజులదీ, డిశ్చార్జి అయ్యాక వాడే మందుల ఖర్చుకు ఆ చికిత్స పూర్తయ్యాక 15 రోజులదీ. ఆ రెండిట్లో ఏ గడువు ఎక్కడి నుంచి మొదలవుతుందో మీ తెలుగు ఏం చెబుతోందో చూడాలి.